32767కు ఒకటి కలిపితే

2006 జూలై 9, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఇది మొదలైంది. పన్నెండున్నరకు కరెంటు పోయింది. ల్యాబ్‌లో యూపీఎస్‌లన్నీ పది నిమిషాలు కూసి కూసి ఆగిపోయాయి. ఆ కూత ఆగగానే ఒక అమ్మాయి దిద్దిన పేపరు చేత్తో పట్టుకుని నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

ఆ బల్ల గవర్నరుపేటలో, ఒక జిరాక్స్ షాపు పైన ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. నేను లెక్కల లెక్చరర్‌గా పనిచేసి 2001లో రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోలేక, ఉద్యోగ పరీక్షలకు వెళ్ళే పిల్లలకు రైళ్ళు, నీటితొట్లు, పని-కాలం లాంటి లెక్కలు చెప్పడానికి 2003లో అక్కడ చేరాను. డైరెక్టర్ గారు తొంభైల్లో అదే గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు గానీ పద్ధతి మారలేదు. పిల్ల కొట్టిందే కొట్టాలి, చెయ్యి తిరగాలి, చూడకుండా రావాలి. ఆయన దగ్గర నేర్చుకుని టైపు హయ్యర్ పరీక్ష పాసైనవాళ్ళు ఊళ్ళో ప్రతి ఆఫీసులోనూ ఉండేవారు. ఆ గర్వం ఆయనకు ఉండేది, ఉండదగినదే.

ఆ రోజుల్లో కంపెనీల రాతపరీక్షల్లో ఒక రకం ప్రశ్న తప్పనిసరి. సి అనే కంప్యూటర్ భాషలో రాసిన నాలుగైదు లైన్ల ప్రోగ్రాం బొమ్మగా ఇస్తారు. దీన్ని నడిపితే తెర మీద ఏం వస్తుంది? కింద నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు పెట్టాలి. కంప్యూటరు ముట్టుకోకూడదు. కాగితం మీద, తల్లోనే నడపాలి.

నాకు మొదట్లో ఈ ప్రశ్నల మీద చిన్నచూపు ఉండేది. అది పోవడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలింది. ఏడుని రెండుతో భాగించి, వచ్చినదాన్ని రెండుతో హెచ్చవేస్తే ఎంత? మా లెక్కలో ఏడు. ముప్పై ఏళ్ళు ఏడనే చెప్పాను. ప్రోగ్రాంలో అవి పూర్ణసంఖ్యలైతే, ఏడుని రెండుతో భాగించగానే యంత్రం సగాన్ని అక్కడే వదిలేసి మూడు మాత్రం ఉంచుకుంటుంది. మూడు రెళ్ళు ఆరు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఆ పోయిన సగం గురించే ఆలోచించాను. తప్పు కాదది. అంత ముందుగా వదిలేయాలన్నది దాని నియమం. నియమం తెలిస్తే జవాబు ముందే చెప్పవచ్చు. లెక్కల మనిషికి అంతకంటే ఏం కావాలి?

తరవాత నేనే పట్టిక గీసి చెప్పడం మొదలుపెట్టాను. లూపు, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ జరిగే వరస, ఉన్న ప్రోగ్రాం వస్తే రెండు నిలువు గళ్ళు గీయించేదాన్ని, ఒకటి i కి, ఒకటి మొత్తానికి. i ఒకటి నుంచి నాలుగు దాకా నడుస్తుంది, మూడు వచ్చినప్పుడు మాత్రం కలపకుండా దాటేస్తుంది అనుకోండి. మొత్తం గడిలో వరసగా 1, 3, మళ్ళీ 3, 7. జవాబు ఏడు. గళ్ళు గీసినవాడు తప్పడు. గీయకుండా "పది మేడమ్" అని అరిచేవాడు ఎప్పుడూ ఒకడుండేవాడు.

ఇక ఆ ఆదివారం సంగతి. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు రాతపరీక్ష పెడుతున్నారు. మా ఇన్‌స్టిట్యూట్ నుంచి పదిహేను మందినే పంపమన్నారు. 2005లో, 2006లో డిగ్రీ పూర్తయినవాళ్ళే అర్హులు. ఆ పదిహేను మందిని ఏరడానికి పొద్దున్న తొమ్మిదింటికి మేమే యాభై ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టాం. రాసినవాళ్ళు అరవై ఒక్కరు. నేనూ, ల్యాబ్ చూసే ఇన్‌స్ట్రక్టరూ కలిసి పన్నెండింటికల్లా దిద్దేశాం. పదిహేనోవాడికి 38 మార్కులు. పదహారో స్థానంలో 37తో ఉన్నది నా ముందు నిలబడిన అమ్మాయి.

వాళ్ళది వన్‌టౌన్. తండ్రికి తాళాలు, బీగాలు అమ్మే దుకాణం ఉండేది. హనుమాన్ జంక్షన్ అవతల ఒక కాలేజీలో ఎం.సి.ఎ. చదివి 2005లో పూర్తి చేసింది. అంటే ఇలాంటి పరీక్షకు కూర్చోవడానికి ఆమెకు ఇదే ఆఖరుసారి. డిసెంబరు వస్తే ఆమె బ్యాచ్‌ని ఏ కంపెనీ పిలవదు. ఇన్‌స్టిట్యూట్‌లో జూన్‌లో చేరింది. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని, ఎప్పుడన్నా తప్ప మాట్లాడేది కాదు.

"మేడమ్, ఇరవై మూడు నాకు తప్పు వేశారండీ."

జవాబుల కీ తీసి చూశాను. "కీలో సి ఉందమ్మా. నువ్వు బి పెట్టావు."

"బి కూడా కరెక్టేనండీ."

"ఒక ప్రశ్నకి రెండు కరెక్టులుంటాయా?"

"మెషీన్లు రెండుంటే ఉంటాయండీ."

పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టరు నవ్వాడు. "ఇదిగో, మొదలెట్టింది. మార్కు తగ్గితే మెషీన్ మీద తోసేయడమే." అతను మా దగ్గరే కోర్సు చేసి మా దగ్గరే ఉద్యోగంలో చేరిన యువకుడు. ప్రశ్నపత్రం తయారుచేసిందీ, కీ రాసిందీ అతనే.

ఇరవై మూడో ప్రశ్నలో పనికొచ్చే లైన్లు మూడే.

int x = 32767;
x = x + 1;
printf("%d", x);

జవాబులు: ఎ. 32767, బి. 32768, సి. -32768, డి. ఎర్రర్.

ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఏడుకు ఒకటి కలిపితే ఎంతని రెండో తరగతి పిల్లనడిగినా బి అని చెబుతుంది. అందుకే మా పిల్లలు బి పెట్టకూడదని నేర్చుకున్నారు. మా ల్యాబ్‌లో ఉన్నది టర్బో సి, సి ప్రోగ్రాంలు నడిపే పాత సాఫ్ట్‌వేర్. నీలం తెర, పసుపు అక్షరాలు. అందులో పూర్ణసంఖ్య దాచుకోవడానికి రెండు బైట్లు, అంటే పదహారు గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. అలా రాయగలిగే అమరికలు 65,536. సగం రుణసంఖ్యలకు పోతే ఇటుపక్క అన్నిటికన్నా పెద్దది 32767. దానికి ఒకటి కలిపితే పట్టే చోటు లేదు. లారీ కిలోమీటర్ల మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాలకు తిరిగినట్టు ఇదీ తిరుగుతుంది. కాకపోతే సున్నాకు కాదు, అన్నిటికన్నా అడుగునున్న -32768కి. అరవై ఒక్కరిలో యాభై ఇద్దరు సి పెట్టారు. బి పెట్టినవాళ్ళు అయిదుగురు. ఈ అమ్మాయి కాక మిగతా నలుగురూ తెలియక పెట్టారు.

"నీకు ఇది తెలుసా?" అని అడిగాను.

"తెలుసండీ. పాత పుస్తకంలో ఇదే ప్రశ్నకి సి యే పెట్టాను. చూపిస్తానుండండి." సంచిలోంచి మా ఇన్‌స్టిట్యూట్ ప్రశ్నల పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. నిజమే, అక్కడ సి కి టిక్కు ఉంది. "కానీ ఈ రెండు బొమ్మలూ చూడండి మేడమ్."

చూశాను. పుస్తకంలో బొమ్మ నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. టర్బో సి కిటికీని తెర మీద ఉన్నదున్నట్టు బొమ్మ తీసి, వర్డ్‌లో అతికించి, నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తే నీలం అలా వస్తుంది. పైన ఫైల్, ఎడిట్ అన్న పట్టీ కూడా కనిపిస్తుంది. చూడగానే మా ల్యాబ్ అని తెలిసిపోతుంది. ఆ రోజు పేపర్లో మాత్రం బొమ్మలన్నీ తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు. ఏ పట్టీ లేదు. పొద్దుటి నుంచి ఆ పేపర్లే దిద్దిన నాకు ఆ తేడా కంటపడలేదు.

"ఇవెందుకు తెల్లగా ఉన్నాయి బాబూ?" అని ఇన్‌స్ట్రక్టర్ని అడిగాను.

"నల్లబొమ్మలు టోనరు తాగేస్తయ్యండీ మేడమ్. పోయినసారి పుస్తకానికి కింద జిరాక్సాయన గోల గోల. పేజీలు చేతికి అంటుకుంటన్నయ్యని పిల్లలు కూడా. అందుకే ఈసారి ప్రోగ్రాం నోట్‌ప్యాడ్లో కొట్టి, దాన్ని ప్రింట్ స్క్రీన్ తీశా. శుభ్రంగా వచ్చింది కదండీ."

"మరి కీ?"

"కీ మాత్రం టర్బో సి లో రన్ చేసే రాశానండీ. ఒక్కటి కూడా ఊహించి రాయలా."

అది నిజమే. అతను బద్ధకస్తుడు కాదు.

అమ్మాయి అంది: "మా కాలేజీలో ఆఖరి సంవత్సరం లినక్స్ పెట్టారండీ. అందులో కిటికీ ఇట్లానే తెల్లగా ఉండేది. అక్కడ పూర్ణసంఖ్యకి నాలుగు బైట్లు. 32768 హాయిగా పట్టేస్తది. పేపర్లో తెల్లబొమ్మ చూసి, ఓహో ఈసారి టర్బో కాదు, కంపెనీ వాళ్ళ పద్ధతిలో పెట్టారనుకున్నాను."

"మిగతా ప్రశ్నల బొమ్మలూ తెల్లగానే ఉన్నాయి కదా?"

"వాటికి ఎక్కడ నడిపినా ఒకటే ఆన్సరండీ. ఇదొక్కదానికే తేడా."

నేను యాభై ప్రశ్నలూ మళ్ళీ చూశాను. ఆమె చెప్పింది నిజం. లూపులు, భాగహారాలు, షరతులు ఎక్కడైనా ఒకటే. యంత్రాన్ని బట్టి జవాబు మారేది ఇరవై మూడొక్కటే.

కాగితం తీసి లెక్క వేశాను. బి జవాబుకు కూడా మార్కు ఇస్తే ఆమెకు 38, పదిహేనోవాడికి 38. ప్రశ్ననే తీసేస్తే అతనికి ఒకటి తగ్గి 37, ఆమెకు 37. ఎటు చేసినా ఇద్దరూ సమానం. సమానమైతే ఏం చేయాలో నోటీసు బోర్డు మీద డైరెక్టర్ గారే టైపు చేసి అంటించిన నిబంధన ఉంది: ముందు సీనియర్ బ్యాచ్‌కి. పదిహేనోవాడు ఆ ఏడే బి.టెక్. పూర్తి చేశాడు, అతనికి ఇంకో ఏడాది అవకాశం ఉంది. అంటే ఆ సీటు ఎవరిదన్నది పూర్తిగా ఇరవై మూడో ప్రశ్న మీదే ఆగింది.

ఒకటింబావుకు కరెంటు వచ్చింది. డైరెక్టర్ గారు భోజనం చేసి వచ్చారు. సంగతి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "నడిపి చూద్దాం పదండి" అన్నారు.

చెప్పులు బయట విడిచి ల్యాబ్‌లోకి వెళ్ళాం. ఏసీ వేసినా గది ఇంకా చల్లబడలేదు. మొదటి మెషీన్లో ఇన్‌స్ట్రక్టరు టర్బో సి తెరిచి మూడు లైన్లూ కొట్టి నడిపాడు. నీలం పోయి నల్లటి తెర మీద -32768 వచ్చింది. ఆయన తల పంకించారు. మూలనున్న కొత్త మెషీన్లో లినక్స్ కూడా ఎక్కించి ఉంది. ఎవరూ వాడరు, దాని మీద దుమ్ముగుడ్డ కప్పి ఉంటుంది. అమ్మాయి ఆ గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టి, నిలబడే అవే మూడు లైన్లు కొట్టింది. తెల్లటి కిటికీలో 32768 వచ్చింది.

ఒక్క అక్షరం తేడా లేని ప్రోగ్రాం. రెండు జవాబులూ తెర మీద ఉన్నాయి. నాకు వింతగా అనిపించింది. ఒకటి కలిపితే ఎంత అన్నది కలిపేవాడి చోటును బట్టి ఉంటుందని లెక్కల శాస్త్రంలో నేనెవరికీ చెప్పలేదు. నిజానికి ఇక్కడా పరిధి దాటితే ఏమవుతుందో సి భాష మాట ఇవ్వదు. తిరిగి అడుక్కి వెళ్ళడం ఆ యంత్రం అలవాటు, అంతే. అంచేత మేం పిల్లలకు నేర్పింది భాష కాదు, మా ల్యాబ్‌లోని డబ్బా అలవాటు.

ఈలోగా పదిహేనోవాడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. వాళ్ళది కూచిపూడి పక్కన ఒక చిన్న ఊరు. సాయంత్రం లిస్టు పెట్టేదాకా ఆగుదామని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలి మాటలు విని లేచొచ్చాడు.

"ఏంటి తల్లీ, నీ ఒక్క మార్కు కోసం లినక్స్‌ని నిద్రలేపావంట?"

"నీకేం బాబూ. నువ్వు బస్సులో కిటికీ సీటు కూడా చూసేసుకుని ఉంటావ్."

"కిటికీ నాకొద్దు, నువ్వే తీసుకో. సీటు మాత్రం నాకుండనీ." నవ్వుతూనే అన్నాడు గానీ గుమ్మం విడిచి కదల్లేదు.

డైరెక్టర్ గారు తన గదిలోకి వెళ్ళి హైదరాబాదుకి ఫోన్ చేశారు. పదహారో పేరు పంపవచ్చా అని అడిగారు. తలుపు తెరిచే ఉంది, మాకు వినబడింది. "అలాగేనండీ, అలాగేనండీ, పదిహేనేనండీ" అని పెట్టేశారు.

బయటికి వచ్చి నాతో అన్నారు: "మేడమ్ గారూ, అమ్మాయి చెప్పింది తప్పని నేననను. కళ్ళారా చూశాను. కానీ మనం నేర్పింది ఏ మెషీన్ మీద?"

"టర్బో సి మీదేనండీ."

"నేర్పినదాంట్లోంచే పరీక్ష. యాభై ఇద్దరు మనం చెప్పింది నమ్మి పెట్టారు. ఇప్పుడు ఇంకోటి కూడా రైటంటే, నేను నేర్పిందేంటి అనడగరూ? టైపులో చూడండి, కీబోర్డు ఒకటే, వేలు ఒకటే. మధ్యలో అక్షరాలు అటూఇటూ మారిస్తే ఒక్క పిల్ల పాసవదు."

"నేర్పిన మెషీన్ ప్రశ్నలో కనబడాలి కదండీ. పాత పుస్తకంలో కనబడేది. ఇందులో కనబడదు. కనబడనిదాన్ని ఊహించలేదని మార్కు తీసేయడం న్యాయమా?"

"ఆ యాభై ఇద్దరికీ కనబడకుండానే తెలిసింది కదండీ."

"వాళ్ళు బొమ్మ చూడలేదండీ. అంకె చూశారు. 32767 కనబడితే మైనస్ పెట్టాలని చెయ్యికి తెలుసు. ఈ అమ్మాయి బొమ్మ చూసింది."

ఆయన పేపరు తీసుకుని ఆ బొమ్మ మళ్ళీ చూశారు. ఆలోచించారనే నేను నమ్ముతాను. "మీరు చెప్పేది వచ్చే పుస్తకంలో పెడదాం. ప్రతి బొమ్మ మీదా మెషీన్ పేరు వేయిద్దాం. ఇవాళ్టికి మాత్రం కీ కీయేనండీ. ఒకదానికి కీ తెరిస్తే బయట నలభై ఆరుమంది ఉన్నారు, సాయంత్రందాకా తెరుస్తూనే ఉండాలి."

ఆయన వాదనలో బలం లేదని చెప్పలేను. నేనూ ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్నే. ఇచ్చిన కీ ప్రకారం దిద్దడం అంటే ఏమిటో తెలుసు. అయినా ఈ కీ ప్రశ్నలో లేని మాటను జవాబులో అడుగుతోంది. నా అభ్యంతరం ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఆయనకిచ్చాను. ఆయన మర్యాదగా తీసుకుని సొరుగులో పెట్టారు.

అయిదింటికి లిస్టు అంటించారు. పదిహేను పేర్లు. చివరి పేరు ఆ కుర్రాడిది.

అమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్ళి చూడలేదు. నా దగ్గరికే వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని నేను మంచినీళ్ళ సీసా ముందుకు జరిపాను. తాగలేదు.

"మేడమ్, మార్కు వద్దులెండి. ఆ ఇంటూ మాత్రం తీసేయండి."

"ఇంటూ తీసి టిక్కు పెడితే మొత్తం మారాలమ్మా. మొత్తం మార్చే అధికారం నాకు లేదు."

"టిక్కు కూడా వద్దండీ. ఇంటూ మాత్రం ఉండకూడదు. నేను తప్పు చెయ్యలేదు కదండీ."

ఇది నాకు కష్టమైన పని. దిద్దిన పేపర్లో తప్పూ ఒప్పూ కాని గుర్తు ఉండదు. నా సర్వీసులో అలాంటిది ఒక్కటి కూడా లేదు. చివరికి ఆ ఇంటూని కొట్టేసి పక్కన రాశాను: "నాలుగు బైట్ల యంత్రంలో సరి. ప్రశ్నలో యంత్రం చెప్పలేదు. మొత్తం 37 మారలేదు." కింద తేదీ వేశాను. ఆమె చదువుకుని, పేపరు మడవకుండా పుస్తకంలో పెట్టుకుంది. "థాంక్సండీ" అని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే ఆ కుర్రాడు ఏదో అన్నాడు. ఆమె తిరిగి ఏదో అంది. ఇద్దరూ నవ్వినట్టే వినబడింది. ఆ వయసులో అది సాధ్యమే.

రెండు వారాల తరవాత, 23వ తేదీ ఆదివారం, పదిహేను మందీ హైదరాబాదులో పరీక్ష రాశారు. సోమవారం మధ్యాహ్నానికి ఒక్కొక్కరే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. అలసిపోయిన మొహాలు. ఇద్దరిని మాత్రం ఇంటర్వ్యూకి ఉండమన్నారట. పదముగ్గురు తిరిగొచ్చారు.

నేను అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు ఒక్కటొక్కటే చెప్పించాను. అది నా అలవాటు. అవుట్‌పుట్ ప్రశ్నలు ముప్పై వచ్చాయట. బొమ్మలన్నీ తెల్లటి కిటికీలు. వాటిలో నాలుగు పూర్ణసంఖ్య ఎన్ని బైట్లన్నదాని మీదే తిరిగినవి. ఒకటి నేరుగా సైజు ఎంతని అడిగింది, ఒకటి అచ్చంగా మా ఇరవై మూడే, అదే అంకె.

"పేపర్లో ఎక్కడా చెప్పలేదా, ఏ మెషీనో?"

కూచిపూడి కుర్రాడు తల దించుకునే చెప్పాడు. "చెప్పారండీ. మొదటి పేజీలో పైనే ఉంది, పూర్ణసంఖ్యకి నాలుగు బైట్లని. నేను చదివా కూడానండీ."

"చదివితే మరి?"

"చదివానండీ మేడమ్. కానీ 32767 కనబడంగానే చెయ్యి మైనస్ మీద పడిపోయింది. బయటికొచ్చి టీ తాగేటప్పుడు గుర్తొచ్చింది."

"నాలుగూ అంతేనా?"

"నాలుగూ అంతేనండీ." ఆగి అన్నాడు, "ఆ అమ్మాయి అయితే నాలుగూ కొట్టేసేది."

డైరెక్టర్ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. ఆయన చేతిలో బ్యాచ్ ఫొటో కోసం తెప్పించిన పూలదండ ఉంది. దాన్ని కిటికీ గూట్లో పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయారు. వచ్చే పుస్తకంలో ప్రతి బొమ్మ మీదా మెషీన్ పేరు వేయించారు. మాట తప్పలేదు.

ఒకటి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. ఆ నాలుగు ప్రశ్నల వల్లే పదముగ్గురూ పోయారని నేను అనను. కంపెనీ వాళ్ళు ఎన్ని మార్కుల దగ్గర గీత గీశారో మాకు చెప్పలేదు. ఆ అమ్మాయి వెళ్ళి ఉంటే ఎంపికయ్యేదనీ అనను. మిగతా ఇరవై ఆరు ఎలా చేసేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని లెక్కలో వేయకూడదు.

ఆగస్టులో ఆమె గుణదలలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరింది. చేరేముందు వచ్చి చెప్పింది. "పిల్లలకి ముందు ఏ మెషీనో అడగమని చెబుతానండీ" అంది. నేను అవునన్నాను. తరవాత మేం కలుసుకోలేదు.

తెలిసినంతవరకు పోయినవి ఇవి. ఆ అమ్మాయికి ఒక మార్కు, దానితో ఒక పరీక్ష రాసే అవకాశం. అది ఆమె బ్యాచ్‌కి ఆఖరిది. కూచిపూడి కుర్రాడికి, తెలిసి తెలిసీ, నాలుగు మార్కులు. మిగిలిన పన్నెండు మందిలో ఎనిమిదిమందికి వాటిలో రెండో మూడో. మా ఇన్‌స్టిట్యూట్‌కి, పదిహేనులో పదమూడు సీట్లు. నాకు, ఒకటి కలిపితే ఎంతో ఎవరినీ అడగక్కర్లేదన్న ధీమా.